కాలర్ గుండీ నుంచి మొదలుపెట్టండి: వలస కాలపు నవలను వలసానంతర దృష్టితో చదవడం ఎలా

వలస కాలపు నవల మీద వలసానంతర విమర్శ రాయమంటే చాలా వ్యాసాలు ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. అవతలివాళ్లని వేరే రకం మనుషులుగా చూపే పరాయీకరణ ఉంది, ఇదిగో ఉదాహరణ. తూర్పు దేశాలన్నిట్నీ ఒకే మూసలో చూసే ప్రాచ్యవాదం ఉంది, ఇదిగో ఉదాహరణ. పాలకుల్ని అనుకరించే పాత్ర ఒకటుంది, గొంతులేని మనుషులు కొందరున్నారు. చివర్లో, ఈ నవల వలసవాద భావజాలాన్ని ప్రతిబింబిస్తోందని ఒక వాక్యం. ఇందులో తప్పుమాట ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ ఆ నవల పేరు కొట్టేసి అదే కాలంలో వచ్చిన మరో నవల పేరు పెట్టినా వ్యాసం చెక్కుచెదరదు. అంటే అది ఆ నవల గురించి రాసింది కాదు. నవల మీద కొన్ని చీటీలు అంటించారంతే.

చీటీలు అంటించకుండా చదవడానికి ఒక పద్ధతి కింద ఉంది. ఉదాహరణకి ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో ప్రచురించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' తీసుకున్నాం. కథ కొద్దిగా గుర్తుచేస్తాం. చంద్రాపూర్ అనే ఊళ్లో డాక్టర్ అజీజ్ ఉంటాడు. కొత్తగా వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు ఆడవాళ్లని, మిసెస్ మూర్‌ని, అడెలాని, మరాబార్ గుహలు చూడ్డానికి తీసుకెళతాడు. గుహలో అజీజ్ తనమీద చెయ్యి వేశాడని అడెలా ఆరోపిస్తుంది, కోర్టులో ఆ ఆరోపణ వెనక్కి తీసుకుంటుంది. ఆమెను పెళ్లాడాలనుకుంటున్న మేజిస్ట్రేట్ రానీ, మిసెస్ మూర్ కొడుకే. కాలేజీ ప్రిన్సిపాల్ ఫీల్డింగ్ అజీజ్‌కి స్నేహితుడు.

ఈ నవలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది సామ్రాజ్యాన్ని పొగిడే పుస్తకం కాదు. పాలకుల్ని బాగా వెక్కిరిస్తుంది. అలాంటి పుస్తకం దగ్గర పరిభాషా పదాల జాబితా త్వరగా చేతులెత్తేస్తుంది, కాబట్టి పద్ధతి పనిచేస్తోందో లేదో ఇక్కడే బాగా తెలుస్తుంది.

మొదటి చదువులో పరిభాష వద్దు

మొదటిసారి చదివేటప్పుడు సిద్ధాంత పదం ఒక్కటీ రాసుకోకండి. మూడు రకాల చోట్ల మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టండి. ఒక జాతినో దేశాన్నో మొత్తంగా కలిపి ఒక మాట అనేసిన వాక్యాలు మొదటి రకం. పేరు లేకుండా వచ్చి పోయే మనుషులు రెండో రకం. చెప్పాల్సిన చోట చెప్పకుండా కథ దాటేసిన సంగతులు మూడో రకం. గుహలో అడెలాకి ఏం జరిగిందన్నది ఇలాంటిదే. అజీజ్ ఎక్కడున్నాడో మనకు చూపిస్తూ, ఆమె గుహలోకి మాత్రం కథకుడు మనల్ని తీసుకెళ్లడు.

ఈ మూడూ ఎందుకంటే, ఇవి పుస్తకం మీద వేలు పెట్టి చూపించగలిగిన చోట్లు. 'అధికారం' ఎక్కడుందో వేలితో చూపించలేం. 'ఇక్కడ రానీ అన్నాడు, భారతీయులంతా ఇంతే అని' అంటే చూపించగలం.

చదవడం అయ్యాక ఆ గీతలన్నిట్లోంచి ఒక్కటి ఎంచుకోండి. ఒక్కటే. అతి ఘాటుగా ఉన్నదాన్ని తీసుకోకండి, దాన్ని చదివితే ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది, మీకు చెప్పడానికి ఏమీ మిగలదు. కొంచెం చిన్నదిగా, కొంచెం వింతగా కనిపించేదాన్ని పట్టుకోండి. మేం కాలర్ గుండీని పట్టుకున్నాం.

ఎవరు అన్నారు, ఎవరికి, పాఠకుడికి ముందే ఏం తెలుసు

ఏడో అధ్యాయంలో అజీజ్ మొదటిసారి ఫీల్డింగ్ ఇంటికి వెళతాడు. ఫీల్డింగ్ లోపలి గదిలో బట్టలు వేసుకుంటూ, విడి కాలర్‌ని చొక్కాకి బిగించే గుండీ ఉన్న ఒక్కదాన్నీ తొక్కి పాడుచేసుకుంటాడు. నా దగ్గర ఇంకోటి ఉంది, జేబులో ఉంది, అంటాడు అజీజ్. అది అబద్ధం. పక్కకి జరిగి, తన కాలర్ ఊడదీసి, వెనక గుండీ లాగి ఇచ్చేస్తాడు. అది బంగారు గుండీ, బావమరిది యూరప్ నుంచి తెచ్చిన సెట్టులోది. ఆ వెంటనే అసలు ఈ కాలర్లు ఎందుకు వేసుకోవాలన్న మాట వస్తుంది. పోలీసుల్ని దాటడానికి, అంటాడు అజీజ్. ఇంగ్లీషు దుస్తుల్లో సైకిల్ మీద పోతే ఎవరూ పట్టించుకోరు, అదే ఫెజ్ టోపీ పెట్టుకుంటే దీపం వెలగలేదని ఆపుతారు.

ఎనిమిదో అధ్యాయంలో రానీ తల్లితో, అడెలాతో మాట్లాడుతూ అజీజ్ ప్రస్తావన తెస్తాడు. నిలువెల్లా నీటుగా తయారై వచ్చాడు గానీ వెనక కాలర్ గుండీ మర్చిపోయాడు, భారతీయుడంటే అదీ, చిన్న విషయాల మీద శ్రద్ధ ఉండదు, ఆ అలసత్వం జాతి లక్షణం, అని తేల్చేస్తాడు.

జాబితా పట్టుకున్నవాళ్లు ఇక్కడ 'మూసచిత్రణ, పరాయీకరణ' అని రాసి ముందుకు పోతారు. అది చాలదు. ఎందుకంటే ఆ పని నవలే చేసేసింది. గుండీ ఎక్కడికి పోయిందో ఒక అధ్యాయం ముందే మనకు చూపించి, తర్వాత రానీని మాట్లాడించింది. అతను తప్పని పాఠకుడికి అప్పటికే తెలుసు. నవల చెప్పినదాన్నే పరిభాషలో తిరిగి చెప్పడం విమర్శ కాదు.

ఇంకో మెట్టు దిగాలంటే ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఈ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఆ క్షణానికి పాఠకుడికి ఏం తెలుసు. గుండీ విషయంలో ఈ మూడు గడులు నింపగానే మామూలు చదువులో తట్టని సంగతి ఒకటి బయటపడుతుంది. రానీ చూసింది అబద్ధం కాదు. గుండీ నిజంగానే లేదు. పరిశీలన సరైనదే, తప్పు జరిగింది పరిశీలనకీ తీర్పుకీ మధ్యలో. ఒక మనిషి మెడ దగ్గర లేని వస్తువు నుంచి ఒక జాతి స్వభావం దాకా ఒకే గెంతులో వెళ్లిపోయాడు. గుండీ ఏమైందని అడిగే మెట్టు మధ్యలో లేదు. పాలకుడికి అడగాల్సిన అవసరం లేదు మరి.

ఇంకా చూడండి. గుండీ లేకపోవడానికి కారణం ఒక ఇంగ్లీషువాడికి అది అవసరం పడటం. రానీ వాక్యంలో ఆ ఇంగ్లీషువాడు మాయమయ్యాడు, ఇచ్చిన బహుమతి లోపమైంది. అజీజ్ కాలర్ వేసుకున్నదే పోలీసుల దృష్టి తప్పించుకోవడానికి, ఇప్పుడు ఆ కాలరే ఇంకో అధికారి దృష్టిలో పడేసింది. వలస పాలన జ్ఞానం ఎలా తయారవుతుందో ఈ రెండు అధ్యాయాలు ఒక చిన్న యంత్రంలా ఆడించి చూపిస్తాయి. 'మూసచిత్రణ' అన్న పదం ఆ యంత్రం పేరు మాత్రమే చెబుతుంది, అది ఎలా తిరుగుతుందో చెప్పదు.

అదే ప్రశ్న కథకుడిని అడగండి

ఎక్కువ వ్యాసాలు ఆగిపోయే చోటు ఇది, మీరు ఎక్కువసేపు ఉండాల్సిన చోటూ ఇదే. పాత్రలు చేసిన జాతి సూత్రీకరణల్ని పక్కనపెట్టి, కథకుడే చేసినవాటిని వెతకండి. ఈ నవలలో అవి తక్కువేం కావు. పద్నాలుగో అధ్యాయంలో, చాలామంది ప్రాచ్యుల్లాగే అజీజ్ కూడా ఆతిథ్యానికి ఎక్కువ విలువ ఇచ్చేవాడనీ, దాన్నే సాన్నిహిత్యం అనుకునేవాడనీ కథకుడు అంటాడు. ముప్పై ఒకటో అధ్యాయంలో, ప్రాచ్యుడిలో అనుమానం ఒక ప్రాణాంతకమైన కణితి లాంటిదంటాడు. పాశ్చాత్యుడి భూతం కపటం అని వెంటనే జోడిస్తాడు, అదీ రాసుకోండి, దాచకండి.

ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ మాట నిజంగా కథకుడిదేనా? నవలల్లో పాత్ర ఆలోచన కథకుడి గొంతులోంచి వినిపించడం మామూలే, ఫార్‌స్టర్ అలా బోలెడన్నిసార్లు చేస్తాడు. తేల్చుకోవడానికి ఆ వాక్యానికి ముందు అయిదు వాక్యాలు, తర్వాత అయిదు చదవండి. అక్కడ ఎవరైనా చూస్తున్నారా, ఆలోచిస్తున్నారా? ఆ మాట ఆ పాత్ర నోట్లో పెడితే అతుకుతుందా? తర్వాత ఎక్కడైనా ఆ మాట తప్పని కథ చూపించిందా? ఆతిథ్యం వాక్యానికి ఈ మూడు ప్రశ్నలూ వేస్తే దాన్ని మోయడానికి ఏ పాత్రా దొరకదు. అది అజీజ్ తన గురించి అనుకునే మాట కాదు. పక్కనున్న ఆడవాళ్లు అనుకుంటున్నదీ కాదు. కథకుడే తన పూచీ మీద అన్నాడు.

ఇప్పుడు గుండీ పక్కన పెట్టి చూడండి. రానీ జాతి గురించి తీర్పు చెప్పే ముందు, ఆ తీర్పుని కొట్టేసే సాక్ష్యం నవల మన చేతికిచ్చింది. కథకుడు అలాంటి తీర్పే చెప్పినప్పుడు ఏ గుండీ చూపించడు. రెండు వాక్యాల తీరు ఒకటే, ఒక మనిషి ప్రవర్తన నుంచి ఒక జాతికి గెంతడం. ఒకదాన్ని నవల వెక్కిరిస్తుంది, ఇంకోదాన్ని వాడుకుంటుంది.

ఇక్కడ రెండు తప్పుదారులు తెరుచుకుంటాయి. రచయిత జాత్యహంకారి అని తీర్పివ్వడం ఒకటి. ఆ కాలమే అంత అని క్షమించేయడం రెండోది. వినడానికి ఇవి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టుంటాయి గానీ, రెండూ చేసే పని ఒకటే, పుస్తకం మూసేయడం. తీర్పు బదులు ఈ ప్రశ్న వేయండి: ఆ వాక్యం చెబుతున్న కారణం కాక, కథలోనే ఇంకో కారణం ఉందా?

ఉంది. వెనక్కి వెళ్లండి. ఫీల్డింగ్ ఇంట్లో ఆ ఆడవాళ్లు మీ ఇంటికి వస్తామనేసరికి అజీజ్ గుండె గుభేలుమంటుంది. అతనుండేది బజారు పక్కన ఒక నాసిరకం ఇల్లు. ఈగలు ముసిరే గది. అక్కడికి వాళ్లని ఎలా రానిస్తాడు? మాట మారుస్తాడు. తర్వాత, మీ అందర్నీ మరాబార్ గుహలకి తీసుకెళతానని ఆహ్వానిస్తాడు. అంత ఖర్చుతో, అంత ఆరాటంతో జరిగిన ఆ విహారానికి మూలం ప్రాచ్యుల స్వభావం కాదు, చూపించలేని ఇల్లు. ఆ ఇంటికీ పాలకుల బంగళాలకీ ఉన్న దూరాన్ని నవల మొదటి అధ్యాయమే కొలిచి పెట్టింది. పైనున్న ఆకాశం తప్ప ఇంగ్లీషువాళ్ల పేటకీ ఊరికీ ఉమ్మడిగా ఏమీ లేదని అక్కడే రాసి ఉంది.

అనుమానం సంగతీ ఇలాగే చూడొచ్చు. అడెలా దగ్గర నష్టపరిహారం తీసుకోకుండా వదిలేయమని తనకి చెప్పిన ఫీల్డింగ్, ఆమెనే పెళ్లాడబోతున్నాడేమోనని అజీజ్ అనుమానిస్తాడు. కణితి అంటాడు కథకుడు. కానీ ఈ మనిషిని ఒక్క మాట మీద అరెస్టు చేశారు, ఇల్లు సోదా చేశారు, ఉత్తరాలు పోలీసు అధికారి చేతుల్లో తిరిగాయి. అనుమానం పుట్టడానికి ఇంత జరిగాక జాతి లక్షణం వెతకాలా?

ఇలా, కథకుడు చెప్పిన కారణం ఒకటి, కథ చూపించిన కారణం ఒకటి అని పక్కపక్కన రాసుకోండి. రెండిటి మధ్య ఉన్న ఖాళీలోంచే మీ వ్యాసం పుడుతుంది. ఆ ఖాళీ ఈ నవలకే చెందింది, దాన్ని ఎత్తుకెళ్లి ఇంకో నవలలో పెట్టలేరు. ఎడ్వర్డ్ సయీద్ 1993లో వచ్చిన 'కల్చర్ అండ్ ఇంపీరియలిజం'లో, సంగీతంలో రెండు స్వరాలు కలిసి నడిచినట్టు పాలకుల కథనీ, దాని అడుగున నడిచే కథనీ ఒకేసారి వినమంటాడు. ఆ మాట ఇక్కడ వాడుకోవచ్చు. ముందు రెండు స్వరాలూ మీరు వినిపించాక, ఆ తర్వాత వాడండి.

చరిత్రని పుస్తకం తాకిన చోటే తెండి

వలసానంతర వ్యాసాల్లో రెండో పెద్ద జబ్బు చరిత్ర ఉపోద్ఘాతం. ప్లాసీ యుద్ధం నుంచి మొదలై మూడు పేజీలు నడుస్తుంది, నవల ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. దీనికి మందు చిన్నదే. చరిత్ర వాక్యం రాసే ముందు, దాన్ని పిలిచిన నవల వాక్యం రాయాలి. నవల వాక్యం లేకపోతే చరిత్ర వాక్యమూ వద్దు.

ఇరవై నాలుగో అధ్యాయంలో, విచారణ మొదలయ్యే ముందు, కలెక్టర్ భార్య మిసెస్ టర్టన్ కోపంతో ఊగిపోతూ ఒక మాట అంటుంది. ఇంగ్లీషు ఆడది కనపడినప్పుడల్లా వీళ్లు ఇక్కడి నుంచి గుహల దాకా మోకాళ్ల మీద పాకాలి, అని. ఈ వాక్యం చరిత్రని పిలుస్తోంది. 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్‌లో ఒక ఆంగ్ల మిషనరీ మహిళ మీద గుంపు దాడి చేసింది. 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ తర్వాత, ఆమె మీద దాడి జరిగిన సందులో భారతీయులు పాకుతూ వెళ్లాలని జనరల్ డయ్యర్ ఆదేశించాడు. ఫార్‌స్టర్ 1912-13లో మొదటిసారి భారతదేశం వచ్చి వెళ్లాక ఈ నవల మొదలుపెట్టి, పక్కనపెట్టి, 1921లో దేవాస్ మహారాజా దగ్గర కార్యదర్శిగా పనిచేసి వెళ్లాక పూర్తిచేశాడు. అంటే రాత మధ్యలో అమృత్‌సర్ ఉంది.

చాలామంది ఇక్కడ, నవల అమృత్‌సర్‌ని ప్రతిబింబిస్తోందని రాసి చేతులు దులుపుకుంటారు. పోలిక దొరికాక అసలు పని మొదలవుతుంది. ఇప్పుడు తేడాలు లెక్కపెట్టండి. అమృత్‌సర్‌లో పాకమన్నది సైన్యాధికారి ఆదేశం, అది అమలైంది. నవలలో అది కలెక్టర్ భార్య నోటి మాట, ఎవరూ పాకలేదు. అమృత్‌సర్‌లో ఆ మహిళ మీద దాడి నిజంగా జరిగింది. నవలలో ఆరోపణ నిలబడలేదు. అక్కడ తుపాకులు పేలాయి. ఇక్కడ సైన్యాన్ని దింపాలన్న మాటలు క్లబ్బులో వినిపిస్తాయి గానీ కాల్పులు లేవు. ఈ మార్పులన్నీ ఒకే వైపుకి వాలుతున్నాయి. రాజ్యం చేసిన హింస క్లబ్బు గదిలో ఆవేశంగా, అందులోనూ ఒక భార్య ఆవేశంగా మారింది. సామ్రాజ్యంలో చెడ్డది దాని మర్యాద లోపమే అన్నట్టుగా కథ కుదురుకుంది. మా దృష్టిలో ఈ నవల మీద చెప్పదగ్గ గట్టి అభ్యంతరం ఇదే. దీన్ని పట్టుకున్నది పోలిక కాదు, తేడా.

ఒక జాగ్రత్త. చరిత్రలో పేరుపడ్డ సంఘటన గుర్తొచ్చింది కదా అని తెచ్చి అతికించకండి. భారతీయ మేజిస్ట్రేట్ దాస్ ఈ కేసు విచారిస్తున్నాడనగానే 1883 నాటి ఇల్బర్ట్ బిల్లు గొడవ రాయాలనిపిస్తుంది. ఆ గొడవ భారతీయ న్యాయాధికారులు యూరోపియన్ ముద్దాయిల్ని విచారించడం గురించి. ఇక్కడ ముద్దాయి భారతీయుడు. పైగా నవల ఇచ్చే కారణం ఇంకా చేదుగా ఉంది. శిక్ష ఎలాగూ పడుతుంది, అదేదో భారతీయుడి చేతే చెప్పిస్తే గొడవ తక్కువుంటుందని పాలకుల లెక్క. చదవాల్సింది ఆ లెక్కని.

మాట్లాడని మనిషి దగ్గర

అదే కోర్టు గదిలో, ఒక ఎత్తైన వేదిక మీద కూర్చుని పంకా లాగే మనిషి ఒకడున్నాడు. పేరు లేదు, మాట లేదు. దాదాపు దిగంబరంగా, చక్కని శరీరంతో, దేవుడిలా ఉంటాడు. విధిలా, ధాన్యంలా ఆత్మల్ని తూర్పారబట్టేవాడిలా ఉన్నాడని వర్ణన. అక్కడ ఏం జరుగుతోందో అతనికి తెలియదు. తను గాలి విసురుతున్నాననే తెలియదు, తాడు లాగుతున్నాననుకుంటున్నాడు. విచారణ ముగిసి అందరూ పోయాక కూడా తాడు లాగుతూనే ఉంటాడు.

ఇక్కడ గాయత్రీ స్పివాక్ 1988 వ్యాసాన్ని తలుచుకుని, 'సబాల్టర్న్ మాట్లాడలేడు' అని ముద్ర కొట్టేయడం తేలిక. ఆ వ్యాసం అణగారినవాళ్లకి నోరు లేదని అనడం లేదు. వాళ్లు మాట్లాడినా అది మాటగా వినబడే ఏర్పాటు లేదంటోంది. పంకా మనిషి విషయంలో మీరు అడగాల్సింది వేరే ఉంది. కథ ఇతని చేత ఏం పని చేయించుకుంటోంది?

పేజీ మీద వరసగా చూడండి. అడెలా కోర్టులోకి రాగానే ముందు చూసేది ఇతన్నే. ఆ నిర్లిప్తత చూసి, తన బాధే లోకంలో పెద్దదని ఎవరన్నారని ఆమెకి అనిపిస్తుంది. ఆ అధ్యాయం చివరికి ఆమె నిజం చెబుతుంది. అంటే ఇతని మౌనం ఆమె మనస్సాక్షికి మెట్టు అయింది. అందం ఇచ్చారు, దైవత్వం ఇచ్చారు, తెలివిడి మాత్రం తీసేసుకున్నారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కాగితం మీద రెండు వరసల్లో రాస్తే సగం విశ్లేషణ అయిపోయినట్టే. ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: తను గాలి విసురుతున్నానని రోజూ పంకా లాగేవాడికి తెలియదన్న సంగతి కథకుడికి ఎలా తెలుసు? గుండీ గురించి రానీకి తెలిసినట్టేనా?

ఇక్కడితో ఆగండి. ఆ మనిషి లోపల తిరుగుబాటు రగులుతోందని రాయకండి. పుస్తకంలో దానికి ఆధారం లేదు. లేని గొంతుని మనం కల్పించి పెడితే, అతని తరఫున మాట్లాడిన కథకుడి పక్కనే మనమూ కూర్చున్నట్టు.

మీ వాదానికి ఎదురు సాక్ష్యం మీరే తెండి

ఇప్పటికి మీ దగ్గర ఒక వాదం తయారై ఉంటుంది. ఉదాహరణకి ఇలా: 'ఈ నవల అధికారుల జాతి తీర్పుల్ని సాక్ష్యం పెట్టి కొట్టేస్తుంది, కథకుడి తీర్పుల్ని మాత్రం సాక్ష్యం అడగకుండా వదిలేస్తుంది, ఆ క్రమంలో పాలన సమస్యని మర్యాద సమస్యగా మారుస్తుంది.' ఇందులో సిద్ధాంత పదం ఒక్కటీ లేకపోవడం గమనించండి. పదాలు లేకుండా నిలబడే వాదమే పదాలతో కూడా నిలబడుతుంది.

రాయడానికి కూర్చునే ముందు ఈ వాదాన్ని ఇబ్బందిపెట్టే చోట్లు కనీసం రెండు వెతకండి. మొదటిది పైనే ఉంది, కథకుడి తీర్పుని కొట్టేసే సాక్ష్యం, అంటే అజీజ్ ఇల్లు, సోదా చేసిన ఉత్తరాలు, ఈ నవలలోనే ఉన్నాయి. అయితే నవల నిజంగా సాక్ష్యం ఇవ్వలేదా, లేక ఇచ్చి, ఇక్కడుందని వేలు పెట్టి చూపించలేదా? రెండోదే సరైందనుకుంటే వాదంలో 'సాక్ష్యం అడగకుండా' అన్నదాన్ని 'ఉన్న సాక్ష్యాన్ని కలిపి చూడకుండా' అని మార్చాలి. ఈ చిన్న మార్పుతో వాదం మెత్తబడదు, ఇంకా పదునెక్కుతుంది.

రెండోది ముగింపు. మావూ అనే సంస్థానంలో అజీజ్, ఫీల్డింగ్ గుర్రాల మీద పోతూ వాదించుకుంటారు. మిమ్మల్ని వెళ్లగొట్టాక మనం స్నేహితులమవుతామంటాడు అజీజ్. ఇప్పుడే ఎందుకు కాకూడదంటాడు ఫీల్డింగ్. జవాబు ఇద్దరిలో ఎవరూ చెప్పరు. గుర్రాలు పక్కకి తిరుగుతాయి, నేల రాళ్లు లేపుతుంది, గుడులు, చెరువు, జైలు, రాజభవనం, పక్షులు అన్నీ కలిసి, ఇప్పుడు కాదు అంటాయి. ఆకాశం, అక్కడ కాదు అంటుంది. రాజకీయ ప్రశ్నకి ప్రకృతి చేత జవాబు చెప్పించి తప్పించుకున్నాడని మీ వాదం అంటుంది. నిరాద్ సి. చౌదురి 1954లోనే, ఈ నవల భారత్-బ్రిటన్ సమస్యని వ్యక్తిగత ప్రవర్తన సమస్యగా కుదించిందని ఆక్షేపించాడు. కానీ ఆ వరసని ఇంకోసారి చదవండి. పక్షుల మధ్యలో జైలు ఉంది. గుళ్లలాగే, రాజభవనంలాగే జైలూ ప్రకృతి కాదు. అజీజ్ ఒకసారి జైలుకి వెళ్లొచ్చినవాడు. ఆ పదం ఆ జాబితాని రాజకీయానికి దూరం కానివ్వదు. దీన్ని మింగేయకుండా, వ్యాసంలో ఒక పేరా ఇచ్చి రాయండి.

విమర్శకుల్ని చదవాల్సింది కూడా ఈ దశలోనే, మీ మూడు గడులూ నిండాక. ముందే చదివితే వాళ్ల కళ్లతోనే గీతలు పెడతారు.

రాసేటప్పుడు

నాలుగైదు పేజీల వ్యాసానికి రెండు ఘట్టాలు చాలు. గుండీ, ఆతిథ్యం వాక్యం పెట్టుకుంటే పంకా మనిషిని వదిలేయండి. అమృత్‌సర్ పోలిక తెస్తే దానికి ఒక పేరా, అందులో చరిత్ర రెండు మూడు వాక్యాలు. సిద్ధాంత పదాలు మొత్తం మీద రెండుకి మించకుండా చూసుకోండి. ప్రతి పదమూ, అది పేరు పెడుతున్న సంగతి మీరు చూపించిన తర్వాతే రావాలి. 'ఇందులో ప్రాచ్యవాదం కనిపిస్తుంది, ఉదాహరణకి' అని మొదలయ్యే పేరా ఉంటే తిరగేసి రాయండి, ఉదాహరణతో మొదలుపెట్టండి. అలా తిరగేశాక చాలాసార్లు ఆ పదమే అక్కర్లేదని తేలుతుంది.

రాశాక రెండు పరీక్షలు పెట్టండి. ప్రతి పేరాలోనూ నవల పేరు, పాత్రల పేర్లు చేత్తో మూసి చదవండి. ఏ నవల గురించో చెప్పలేకపోతే ఆ పేరా తీసేయాలి. తర్వాత సిద్ధాంత పదాలు మూసి చదవండి. వాక్యం కూలిపోతే అక్కడ ఆలోచన లేదు, పదమే ఉంది.

ఈ దృష్టికి అందని చోట్లు కూడా ఉంటాయి. గుహలోని ప్రతిధ్వని విన్నాక మిసెస్ మూర్‌కి దేవుడి మీద, మనుషుల మీద ఆసక్తి చచ్చిపోవడం అలాంటిది. దాన్ని భారతదేశం ఇంగ్లీషు మనసుని కూల్చడంగా చదవొచ్చు, కొందరు చదివారు కూడా. కానీ అక్కడ ముసలితనం ఉంది, చావు దగ్గరపడటం ఉంది. అన్నిటినీ ఒకే తాళంచెవితో తెరవాలని చూస్తే తాళం పాడవుతుంది. ఒక అధోజ్ఞాపికలో, ఇది నా వాదం పరిధిలో లేదు, అని రాసి వదిలేయండి.

అనువాదంలో చదువుతున్నవాళ్లకి మరో మాట. కథకుడు వాడిన 'ఓరియంటల్' అన్న పదాన్ని అనువాదకులు కొన్నిచోట్ల 'తూర్పువాళ్లు' అనీ, కొన్నిచోట్ల 'మనవాళ్లు' అనీ, కొన్నిచోట్ల ఊరికే 'అతను' అనీ మార్చే వీలుంది. మీ వాదం ఆ ఒక్క పదం మీదే నిలబడి ఉంటే, ఎంచుకున్న రెండు ఘట్టాల వరకైనా ఇంగ్లీషు మూలం తెరిచి, ఆ పదం అక్కడ ఉందో లేదో చూసి రాయండి.